మందుల కవరు దగ్గర మొదలైన మా దుకాణం గుర్తింపు

హన్మకొండలో ఒక కాలనీ మొగదల మా బాపు ఏళ్ల తరబడి నడిపిన మందుల దుకాణాన్ని, బీ ఫార్మసీ చదివి కొంతకాలం బయట ఉద్యోగం చేసిన తరువాత, నేను చేతిలోకి తీసుకున్నాను. నేను కూర్చున్న రెండో ఏట మాకు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క, ఒక పెద్ద చైన్ దుకాణం తెరుచుకుంది. అద్దాల తలుపులు, ఏసీ, తలుపు మీద "20 శాతం తగ్గింపు" అన్న పెద్ద అక్షరాలు. నెల తిరిగేసరికి, ప్రతి నెలా బీపీ, షుగరు మందులు మా దగ్గరే తీసుకునే కుటుంబాల్లో కొన్ని అటు వెళ్లాయి. వారిని తప్పుపట్టలేను. నెలకు మూడు వేల రూపాయల మందులు కొనే ఇంటికి ఆరు వందలు మిగలడం చిన్న విషయం కాదు.

నేను మొదట చేసిన పని అందరూ చేసేదే. మేమూ ఒక ఫ్లెక్సీ కట్టించి దాని మీద 15 శాతం అని వేయించాము. ఆ నెలాఖరున లెక్క చూసుకుంటే విషయం తేలిపోయింది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చే మందుల మీద చిల్లర దుకాణానికి లెక్కగట్టే మార్జిన్ 16 శాతం. మిగిలిన వాటి మీద వాడుకలో ఉన్నది 20 శాతం వరకు. అద్దె, కరెంటు, ఇద్దరి జీతాలు, గడువు దాటి వెనక్కి పోని సరుకు, ఇవన్నీ అందులోనే రావాలి. కంపెనీల నుంచి నేరుగా టోకున కొనే సంస్థ చేసే తగ్గింపును, హోల్‌సేల్ దుకాణం నుంచి రోజుకు పది పదిహేను పెట్టెలు తెచ్చుకునే నాలాంటి దుకాణం చేయలేదు. చేయబోతే సరుకు తగ్గించుకోవాలి. సరుకు తగ్గితే "ఆ మందు లేదు" అని చెప్పే రోజులు పెరుగుతాయి. ధర మీద పోటీ పడబోయి, జనం మా దగ్గరకు వచ్చే అసలు కారణాన్నే పోగొట్టుకుంటున్నామని ఆ నెల నాకు అర్థమైంది.

అప్పుడు మా పెద్దమ్మ కొడుకును పిలిపించుకున్నాను. అతను హైదరాబాదులో ప్యాకేజింగ్ డిజైన్ పని చేస్తాడు. మంచి లోగో, కొత్త బోర్డు, రంగులు కావాలని అడిగాను. అతను దుకాణంలో ఒక పూట మొత్తం ఊరికే కూర్చుని చూశాడు. సాయంత్రం రద్దీ తగ్గాక ఒకే ప్రశ్న అడిగాడు.

"అక్కా, నీ దుకాణంల నుంచి జనం ఇంటికి ఏం తీస్కపోతున్నరు?"

"మందులు, బిల్లు, కవరు."

"బిల్లు పారేస్తరు. మందులు కంపెనీవి. బోర్డు ఎవ్వరూ ఇంటికి తీస్కపోరు. నీదని మిగిలేది ఆ కవరే. నాకు ముందుగాల కవర్లు చూపించు."

మా కవరు అప్పట్లో ఒక హోల్‌సేల్ కంపెనీ ఉచితంగా ఇచ్చినది. దాని మీద వాళ్ల దగ్గు మందు బొమ్మ ఉండేది. మా పేరు ఎక్కడా లేదు. మేము దాని వెనుక బాల్‌పెన్నుతో, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమనడానికి "1-0-1" అని, పక్కన ఇంగ్లీషు పొడి అక్షరాలతో తిన్న తరువాత అని రాసి ఇచ్చేవాళ్లం. మా తమ్ముడు చెప్పినట్టు, మా దగ్గర ఎప్పటినుంచో మందులు తీసుకునే వాళ్లను ఇళ్లలో ఉన్న పాత కవర్లు తెచ్చి చూపమని అడిగాము. వారం రోజుల్లో నలభైకి పైగా వచ్చాయి. వాటిని బల్ల మీద పరిచి చూసిన ఆ గంట, ఆ తరువాత మేము తీసుకున్న నిర్ణయాలన్నింటికీ మూలం.

ఒకే కవరులో మూడు రకాల గోలీలు కలిసిపోయి ఉన్నాయి. పైన రాసిన 1-0-1 వాటిలో దేనిదో చెప్పే వీలు లేదు. కొన్ని కవర్ల మీద ఇంకు చెమటకు అలికిపోయింది. పదిహేను గోలీల స్ట్రిప్పు కవరులో పట్టక, సగం బయటికి వచ్చి, చిరిగి ఉంది. అన్నింటికన్నా నన్ను కలవరపెట్టినవి కత్తిరించిన ముక్కలు. పది గోలీల స్ట్రిప్పులో ఐదు అడిగితే మేము కత్తెరతో కత్తిరించి ఇస్తాము. బ్యాచ్ నంబరు, గడువు తేదీ స్ట్రిప్పులో ఒక చివరనే ఉంటాయి. మిగిలిన ముక్క ఏమిటో, ఎప్పటిదో మాకు తెలియాలి కాబట్టి తేదీ ఉన్న ముక్కను మేము ఉంచుకుని, తేదీ లేని ముక్కను కొన్నవారికి ఇస్తాము. అలాంటి ముక్కలు ఆ కవర్లలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు గాని, ఆరు నెలల తరువాత మళ్లీ జ్వరం వస్తే ఆ ఇంట్లో వాళ్లు ఆ ముక్కను వాడవచ్చునో లేదో తెలుసుకునే దారి మేమే మూసేశామని మాత్రం స్పష్టంగా కనిపించింది.

నమ్మకం, ఆప్యాయత అనే మాటలు బోర్డు మీద రాయించాలని అప్పటిదాకా నా ఆలోచన. ఆ కవర్లను చూశాక మా తమ్ముడి మాట నాకు తలకెక్కింది: ఈ కవరు సరిగా పనిచేసేటట్లు చేస్తే, మిగిలిన గుర్తింపు అంతా దాని నుంచే పుడుతుంది. అందువల్ల లోగో పని పక్కన పెట్టి కవరు పని మొదలుపెట్టాము.

ఆ పని మధ్యలో ఉండగానే జరిగిన ఒక సంఘటనను ఇక్కడ చెప్పాలి. కీళ్లవాతం ఉన్న ఒక అవ్వకు డాక్టరు గారు మెథోట్రెక్సేట్ రాశారు. ఆ మందు కీళ్లవాతానికి వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. నెలకు సరిపడా నాలుగు గోలీలు ఇచ్చాము. నాలుగో రోజు పొద్దున ఆమె మళ్లీ వచ్చింది.

"బిడ్డా, గోలీలు ఒడిసినయి. ఇంకో నాలుగియ్యి."

కవరు తీసుకుని చూస్తే దాని మీద మా రాతలోనే "1-0-0" అని ఉంది. పొద్దున ఒకటి అని దాని అర్థం. ఏ రోజు పొద్దున అన్నది అందులో లేదు. మా సహాయకుడు అలవాటు కొద్దీ రాశాడు, నేను సరిచూడకుండా ఇచ్చాను; బాధ్యత నాది. ఈ మందు రోజూ పడితే నోట్లో పుండ్లు పడతాయి, రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అప్పటికప్పుడే డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆమె కొడుకును పిలిపించి ఆసుపత్రికి పంపాను. విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లం ఇచ్చి, రక్త పరీక్షలు పదే పదే చేయిస్తూ కొన్ని రోజులు ఉంచుకున్నారు. ఆమె కోలుకుంది. ఆ రోజుల్లో నేను రాత్రిళ్లు సరిగా నిద్రపోలేదు.

ఆ సంఘటన తరువాత మా దుకాణానికి రెండు కవర్లు ఉండాలని నిర్ణయించుకున్నాము. ఒకటి రోజూ వాడే మందులకు, రెండోది వారానికి ఒకసారి వాడే మందులకు మాత్రమే. రోజువారీ కవరు మీద ఆకుపచ్చ రంగు ముద్రణ. వారం కవరుకు చుట్టూ మందమైన ఎర్ర పట్టీ, పైన "వారానికి ఒక్కసారే" అన్న పెద్ద అక్షరాలు, కింద ఏడు రోజుల పేర్లతో ఏడు గళ్లు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కంటికి తెలియని వారు కొందరు ఉంటారు కాబట్టి రంగు ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఆకారాన్నీ మార్చాము: రోజువారీ కవరు నిలువుగా, వారం కవరు అడ్డంగా ఉంటుంది. చీకట్లో చేత్తో తడిమినా తేడా తెలుస్తుంది.

మా గుర్తింపులో రంగుల నిర్ణయం నిజానికి అక్కడే అయిపోయింది. ఎరుపు అంటే ఆగి చూడమని చెప్పే రంగుగా మా దుకాణంలో ఉండాలంటే, అది ఇంకెక్కడా ఉండకూడదు. బోర్డు మీద, బిల్లు మీద, లోగోలో ఎరుపు ఉంటే కవరు మీది ఎరుపు ఎవరి కంటికీ ఆనదు. పాత బోర్డు మీద ఉన్న ఎర్ర ప్లస్ గుర్తును తీసేయడానికి నాకు అది మొదటి కారణం. రెండో కారణం చట్టం. తెల్లని నేల మీద ఎర్ర క్రాస్ అంతర్జాతీయ రెడ్‌క్రాస్ చిహ్నం. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని ఎవరూ వాడకూడదు. మన ఊళ్లలో క్లినిక్కులు, మందుల దుకాణాలు, ప్రథమ చికిత్స పెట్టెలు ఆ సంగతి పట్టించుకోకుండా వాడుతున్నాయి. ఆకుపచ్చ ప్లస్ పెట్టుకోవచ్చు గాని, వీధిలో నాలుగు దుకాణాలకు ఉన్న గుర్తు నా దుకాణాన్ని గుర్తుపట్టించలేదు. కాకతీయ తోరణం పెడదామని మా బాపు అన్నారు. నాకూ ఆ తోరణం అంటే ప్రాణమే. కాని ఓరుగల్లులో బడి, ఫంక్షన్ హాలు, మిఠాయి దుకాణం, ట్రావెల్స్ అన్నింటి మీద అదే ఉంటుంది, రాష్ట్ర చిహ్నంలోనూ ఉంది. అది ఊరిని చెబుతుంది తప్ప దుకాణాన్ని చెప్పదు. ఆయన కాసేపు మౌనంగా ఉండి ఒప్పుకున్నారు.

కవరు మీది ముద్రణకు ఆకుపచ్చనే ఎంచుకోవడానికి మరో చిన్న కారణం ఉంది. మేము రాసే బాల్‌పెన్ను ఇంకు నీలం. ముద్రించిన గళ్లు కూడా నీలమైతే మా రాత వాటిలో కలిసిపోతుంది. నలుపైతే గళ్లే కనిపిస్తాయి, రాత వెనక్కి పోతుంది. ముదురు ఆకుపచ్చ మీద నీలం రాత విడిగా కనిపించింది. ఒకే రంగు కావడం వల్ల ఖర్చూ తగ్గింది.

ఇక అన్నింటికన్నా ఎక్కువ సమయం పట్టింది బొమ్మలకు. చదువు రాని వారికి కూడా పూట తెలియాలి. మా తమ్ముడు మొదట గీసిన నమూనాలో పొద్దునకు కొండల మధ్య ఉదయించే సగం సూర్యుడు, పగటికి నిండు సూర్యుడు, రాత్రికి చంద్రవంక ఉన్నాయి. నాకు చూడగానే నచ్చింది. ముద్రణకు ఇచ్చేద్దామన్నాను. అతను ఆపాడు. ఆ కాగితాన్ని మూడు సాయంత్రాలు కౌంటరు మీద పెట్టి, వచ్చినవారిలో ఇరవై నాలుగు మందిని అడిగాము. వారిలో సగం మంది చదువు రానివారో, చదవడం కష్టమయ్యేవారో అయ్యేటట్లు చూసుకున్నాము. "అర్థమైందా?" అని అడగకూడదని అతను గట్టిగా చెప్పాడు, ఎందుకంటే మర్యాద కోసం అందరూ అయిందనే అంటారు. "ఈ బొమ్మ చూస్తే గోలీ ఎప్పుడేసుకుంటరు?" అని మాత్రమే అడిగి, వాళ్లు చెప్పినదాన్ని చెప్పినట్టే రాసుకున్నాము.

సగం సూర్యుడిని పది మంది సాయంత్రమని చెప్పారు. కాగితం మీద ఉదయించే సూర్యుడికీ అస్తమించే సూర్యుడికీ తేడా లేదు; చిత్రకారుడికి తెలుసు కాబట్టి అతనికి కనిపిస్తుంది, అంతే. దాని స్థానంలో టీ గ్లాసు పెట్టి చూశాము. పొద్దున అని అందరికీ తెలిసింది గాని, చాలామంది గోలీని చాయ్‌తో వేసుకోమన్నట్టు తీసుకున్నారు. థైరాయిడ్ మందు పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట ఆగి ఆ తరువాతే ఏదైనా తాగాలి. అలాంటి మందుకు ఆ బొమ్మ చెరుపు చేస్తుంది. చివరికి కూస్తున్న కోడిపుంజు నిలిచింది. ఇరవై నాలుగు మందిలో ఇరవై రెండు మంది "పొద్దుగాల" అన్నారు. నడినెత్తిన సూర్యుడు, చుక్కలతో చంద్రుడు ఏ ఇబ్బందీ లేకుండా నిలిచాయి.

తినక ముందు, తిన్న తరువాత అన్నదాన్ని మాత్రం మేము బొమ్మల్లో చెప్పలేకపోయాము. ఖాళీ కంచాన్ని ఎక్కువమంది "అసలు తినొద్దు" అని, కొందరు "తిని కడిగినంక" అని అర్థం చేసుకున్నారు. రెండు మూడు రకాలుగా ప్రయత్నించి వదిలేశాము. తప్పుదారి పట్టించే బొమ్మ ఉండడం కన్నా లేకపోవడమే మేలు. ఆ రెండు మాటలను అక్షరాల్లోనే "బువ్వ తినక ముందు", "బువ్వ తిన్నంక" అని ముద్రించి, టిక్కు పెట్టి, మందు ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి, "ఎట్ల ఏసుకుంటరో ఒక్కసారి నాకు చెప్పుండ్రి" అని అడిగి చెప్పించుకోవడం మొదలుపెట్టాము. పాఠ్యపుస్తకంలోని తెలుగులో "భోజనానంతరం" అని వేయించవచ్చు; మా వీధిలో ఆ మాట ఎవరూ అనరు. కోడిపుంజు కింద "పొద్దుగాల" అనే వేయించాము. కొందరు చదువుకున్నవారు ఇదేం భాష అని అడిగారు. మా దగ్గరకు వచ్చే అవ్వలు, తాతలు మాట్లాడే భాష అని చెప్పాను.

తెలుగు అక్షరాల ముద్రణ గురించి నేను నేర్చుకున్నది కొంత చెప్పాలి. నాకు మొదట రామభద్ర వంటి లావు ఫాంటు బాగుందనిపించింది, బోర్డుల మీద చూడడానికి నిండుగా ఉంటుంది కనుక. కవరు సైజుకు తగ్గించి అచ్చు తీస్తే అక్షరాల లోపలి ఖాళీలు ఇంకుతో మూసుకుపోయాయి. ప, వ ల మధ్య తేడా కళ్లద్దాలు లేని వారికి తెలియలేదు. తలకట్టు విడిగా ఉందా, కలిసి ఉందా అన్న సన్నని సందులోనే ఆ అక్షరాల గుర్తింపు ఉంది. గీత మందం సమంగా, లోపలి ఖాళీలు విశాలంగా ఉండే మండలి ఫాంటును కవరుకు తీసుకున్నాము. వరుసల మధ్య ఎడం కూడా ఇంగ్లీషుకు ఇచ్చేదాని కన్నా బాగా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లో ఇరుక్కుంటాయి.

బోర్డు దగ్గర అదే ఒత్తుల సమస్య మరో రూపంలో వచ్చింది. మా బోర్డు రెండున్నర అడుగుల ఎత్తు. పాత పేరు చివర "ఫార్మసీ" అని ఉండేది. ఆ మాటలో "ర" కింద "మ" ఒత్తు వస్తుంది. ఒక్క ఒత్తు ఉన్నా దాని కోసం కింద చోటు వదలాలి, దాంతో వరుసలోని అక్షరాలన్నీ మూడో వంతు చిన్నవైపోతాయి. "మెడికల్స్" అన్నా అంతే. "మందుల దుకాణం" అన్న మాటలో ఒక్క ఒత్తు కూడా లేదు. అదే బోర్డు మీద అదే ఎత్తులో ఆ అక్షరాలు ఎంత పెద్దగా పడతాయో కాగితం మీద గీసి చూపినప్పుడు మా బాపు ముఖం వెలిగింది. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్నది బోర్డులు చేసేవాళ్ల లెక్క. మా అక్షరాలు ఇప్పుడు రోడ్డు అవతలి నుంచి, దీపాలు తక్కువున్న రాత్రి కూడా చదవవచ్చు. పైగా "ఫార్మసీ" అన్న మాట మాకు నిబంధనల ప్రకారం కూడా సరిపోయేది కాదు. 1945 నాటి ఔషధాల నిబంధనల్లో 65వ నిబంధన, డాక్టరు చీటీ ప్రకారం మందులు కలిపి తయారుచేసే ఏర్పాటు ఉన్న దుకాణాలకే ఆ పేరును కేటాయించింది. ఫార్మసిస్టు ఉండి, అలా తయారుచేయని మా వంటి దుకాణాలు "కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్" అని పెట్టుకోవాలి. ఆ మాటలను బోర్డు కింది అంచున చిన్నగా వేయించాము.

లోగో అని విడిగా ఏదీ గీయలేదు. కవరు మీది మూడు గళ్లు, వాటిలో కోడిపుంజు, సూర్యుడు, చంద్రుడు, అవే బోర్డు మీద మా పేరు పక్కకు వచ్చాయి. బిల్లు మీద, తెల్ల ఆప్రాన్ మీద, బ్యాడ్జి మీద అవే ఉన్నాయి. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఫార్మసిస్టు తెల్ల కోటు లేదా ఆప్రాన్ వేసుకుని, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలని చెబుతున్నాయి. మేము ఆ పేరును తెలుగులో, కౌంటరు అవతలి నుంచి చదవగలిగేంత పెద్దగా వేయించాము.

మొదటి ముద్రణ పూర్తిగా వృథా అయింది. చూడడానికి బాగుంటుందని మెరిసే ఆర్ట్ పేపరు మీద రెండు వేల కవర్లు వేయించాను. ఆ నునుపు మీద బాల్‌పెన్ను జారింది, రాసినది వేలికి అంటుకుంది. పాత కవర్లలో చూసిన జబ్బే కొత్త కవర్లలోకీ వచ్చింది. రెండోసారి మెరుపు లేని 80 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం మీద, ముద్రణకు ముందు ఐదు కవర్లు తెప్పించుకుని, రాసి, తడి చేత్తో రుద్ది చూసి, అప్పుడు ఆర్డరు ఇచ్చాను. పొడవును కూడా అప్పుడే పెంచి, పదిహేను గోలీల స్ట్రిప్పు మడత లేకుండా పట్టేటట్లు చేశాము. ఒక కవరుకు ఒకే మందు అన్నది నియమం. కత్తిరించిన ముక్క ఇచ్చినప్పుడు రాయడానికి "బ్యాచ్", "గడువు" అని రెండు గీతలు కింద ఉన్నాయి. ఈ రెండు గీతలు నింపడానికి ఒక్కో మందుకు దాదాపు అర నిమిషం పడుతుంది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు రద్దీలో ఆ అర నిమిషాలు చాలా బరువు; కొందరు విసుక్కుని వెళ్లిపోయారు కూడా. అయినా ఆ గీతలు ఖాళీగా ఉన్న కవరు మా కౌంటరు దాటకూడదని పెట్టుకున్నాము.

కవరు వెనుక ఏం రాయాలన్న దాని మీద పొరపాటు ఒకటి జరిగింది. మొదట "ఇంటికి తెచ్చి ఇస్తాము" అని వేయించాను. మేము ఇద్దరమే, వానాకాలంలో ఒకరు బయటికి వెళితే ఇంకొకరు ఒంటరిగా కౌంటరు చూడాలి. పది రోజుల్లో మూడుసార్లు మాట తప్పాము. రెండో ముద్రణలో ఆ వాక్యం తీసేసి, మేము నిలబెట్టుకోగలిగింది ఒక్కటే పెట్టాము: మందు లేకపోతే ఎప్పటికి వస్తుందో చెబుతాము. దానికోసం ఒక చిన్న చీటీ పుస్తకం ఉంది. పొద్దున పదకొండు లోపు చెప్పినవి సాయంత్రం నాలుగుకు వస్తాయి, హైదరాబాదు నుంచి రావలసినవి మరునాటికి. గంటతో సహా రాసి, చింపి చేతికి ఇస్తాము. రాదని తెలిస్తే ఆ గంటకు ముందే ఫోన్ చేస్తాము. డాక్టరు చీటీలో రాసిన మందుకు బదులు మరో కంపెనీ మందు మా అంతట మేము ఇవ్వము. డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందుల విషయంలో అలా ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు కూడా. ధర తక్కువలో అదే మందు ఉన్నప్పుడు పేరు రాసి ఇచ్చి, డాక్టరు గారిని అడగమని చెబుతాము.

ఫ్రిజ్ విషయంలో మా తమ్ముడికి, నాకు కొంత వాదన జరిగింది. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మా దగ్గర బయట 44 దాటుతుంది. ఫ్రిజ్‌లోని వేడిమిని చూపే చిన్న థర్మామీటరు తెరను కొనేవారి వైపు తిప్పి పెట్టమని అతను అన్నాడు. కరెంటు పోయి అది 9 చూపిస్తే అందరూ చూస్తారు కదా అని నేను వెనుకాడాను. "అప్పుడు చూడాల్సిందే కదా అక్కా" అన్నాడు. తిప్పి పెట్టాము, ఇన్వర్టరుకు ఫ్రిజ్‌ను కలిపించాము. ఒక మధ్యాహ్నం నిజంగానే అది 10 చూపింది. తలుపు సరిగా పడలేదు. చూసి చెప్పింది ఇన్సులిన్ కోసం వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు గారు. ఎంతసేపటి నుంచి అలా ఉందో తేల్చుకునేదాకా ఆ రోజు ఆ అరలోని ఇన్సులిన్ ఎవరికీ అమ్మలేదు, ఆయనకు కూడా. ఆయన మరునాడు వచ్చి తీసుకున్నారు.

పని మొదలుపెట్టి ఇప్పటికి ఏడాదిన్నర అయింది. అమ్మకాలు బాగా పెరిగాయని చెప్పలేను. ధర కోసం ఎదుటి దుకాణానికి వెళ్లిన కుటుంబాల్లో సగం మంది ఇంకా అక్కడే తీసుకుంటున్నారు. నేను గమనించిన మార్పు మరొకటి. "ఈ గోలీ ఎప్పుడేసుకోవాలె?" అని ఇంటి నుంచి వచ్చే ఫోన్లు ఇంతకు ముందు రోజుకు ఆరేడు ఉండేవి, ఇప్పుడు ఒకటో రెండో. ఎదుటి దుకాణంలో కొన్న మందులు తెచ్చి, మా కవర్లలో వేసి రాసి ఇమ్మని అడిగేవారు కొందరున్నారు. మొదటిసారి అడిగినప్పుడు మనసు చివుక్కుమంది. ఆ తరువాత ఇవ్వడం మొదలుపెట్టాను.

ఒక చిక్కు మాత్రం కవరు వల్లనే వచ్చింది. అది అంత స్పష్టంగా ఉండడంతో, చాలామంది డాక్టరు చీటీ ఇంట్లో పెట్టి ఖాళీ కవరు తెచ్చి మళ్లీ అవే మందులు ఇమ్మంటున్నారు. చీటీ మీద అమ్మవలసిన మందుకు కవరు చాలదు. డాక్టరు గారు మోతాదు మార్చి ఉండవచ్చు కూడా. అందువల్ల మూడో ముద్రణలో "మళ్లీ మందులకు చీటీ తీసుకురండి" అన్న వరుస చేర్చాము.

మూడో ముద్రణలో చేసిన ఇంకో మార్పు ఆ అవ్వ వల్ల. మోతాదు సరిచేసి డాక్టరు గారు ఆమెకు ఆ మందును మళ్లీ మొదలుపెట్టాక, వారం కవరు మీద గురువారం గడిని గుండ్రంగా చుట్టి ఇచ్చి, ఏ రోజు వేసుకుంటావో చెప్పమని అడిగాను. ఆమె కవరును కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో గడిని వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి, చుట్టిన గడి దగ్గర ఆగింది.

"ఇది బేస్తారం కదా బిడ్డా?"

అవునన్నాను. ఇప్పుడు ఆ గడిలో గురువారం పక్కన బేస్తారం అని, ఆదివారం పక్కన ఐతారం అని కూడా ఉంటుంది.